గల్లాపెట్టెకు చేరని డబ్బు

హైదరాబాద్‌లో నెలకు 45 వేల ఉద్యోగం మానేసి, తణుకులో నాన్న నడుపుతున్న కిరాణా కొట్టుకు తిరిగొచ్చిన ఓ కుర్రాడి కథ ఇది. కుర్రాడు కల్పితమే, అంకెలూ కథ కోసం వేసుకున్నవే. చిన్న కొట్లు చితికిపోయే తీరు మాత్రం చాలా ఊళ్లలో ఇదే.

వచ్చిన కొత్తలో అతని బుర్రలో ఉన్నవి కొత్త బోర్డు, గాజు అద్దాలు, ఫోన్లో ఆర్డర్లు. నాన్న ఏమీ వాదించలేదు. "ముందు నాలుగు రోజులు గల్లా దగ్గర కూర్చోరా" అన్నాడంతే. కూర్చున్నాక అతనికి అంతుపట్టనిది ఒక్కటే. నెలకు 3 లక్షల అమ్మకం ఉంది. నూటికి పది చొప్పున 30 వేలు మిగలాలి. అయినా హోల్‌సేల్ షావుకారుకు కట్టాల్సిన రోజు వచ్చేసరికి నాన్న ఎవరి దగ్గరో రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నాడు.

ఓ ఆదివారం మధ్యాహ్నం షట్టరు దించి సరుకంతా లెక్కగట్టాడు. కొన్న ధరకే 4.5 లక్షలు తేలింది. నెలకు అమ్ముడయ్యే సరుకు కొన్న ధర 2.7 లక్షలు. అంటే కొట్లో 50 రోజులకు సరిపడా సరుకుంది. బియ్యం, నూనె వారం పది రోజుల్లో కదిలిపోతున్నాయి. పేరుకుపోయిందల్లా పై అరల్లో ఉంది: పౌడరు డబ్బాలు, షాంపూ సీసాలు, ఎవరూ అడగని బిస్కెట్లు.

"ఇన్ని ఎందుకు తీసుకున్నావు నాన్నా?"

"స్కీమురా. డజను తీసుకుంటే ఒకటి ఊరికే ఇచ్చారు."

డజనుకు ఒకటి ఉచితమంటే పెట్టిన నూరు రూపాయలకు సుమారు 8 రూపాయలు కలిసొచ్చినట్టు. అదే నూరు రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవైతే, నాలుగు నెలలకు ఆ 8 రూపాయలూ వడ్డీకే సరి. ఆ డబ్బాల మీద దుమ్ము చూస్తే ఏడాది నాటిది. ఇంకో రెండు నెలల్లో డేటు కూడా దాటుతుంది. లైను మీద వచ్చే ఏజెన్సీ కుర్రాడికి నెల టార్గెట్ ఉంటుంది కాబట్టి సరుకు అంటగడతాడు. అతణ్ని తప్పుపట్టి లాభం లేదు. వద్దనడం మనకు రావాలి.

పప్పుల దగ్గర సంగతి వేరు. విడి పప్పుల్లో లాభం ఉంది గానీ తరుగు దాన్ని కొరుకుతుంది. 50 కిలోల కందిపప్పు బస్తా కిలో 130కి కొని 138కి అమ్మితే 400 మిగలాలి. అందులో అర కిలో పురుగుకూ, చిల్లుకూ, మొగ్గు తూకానికీ పోతే 69 రూపాయలు ఎగిరిపోయి చేతికొచ్చేది 331. తరుగు బస్తాకు ఒక్క శాతమే, లాభంలోంచి పోయేది మాత్రం ఆరో వంతు. డబ్బా అడుగున చెయ్యి పెట్టి చూస్తే మెత్తటి పిండి తగిలింది, గింజలకు సన్నటి బెజ్జాలు. పాత పప్పు మీదే కొత్త బస్తా కుమ్మరించడం వల్ల అడుగున ఉన్న పురుగు కొత్తదానికీ పాకింది. ఆ తర్వాత డబ్బా ఖాళీ చేసి, తుడిచి, ఎండబెట్టాకే కొత్తది పోసేవాడు.

అసలు చిక్కు అరువు పుస్తకంలో ఉంది. మొత్తం 1.8 లక్షలు. పేర్ల వరసన కాకుండా, చివరిసారి ఎప్పుడు కట్టారన్న వరసన మళ్లీ రాశాడు. నెలనెలా కట్టేవాళ్లవి 70 వేలు, ఏడాది దాటినవి 60 వేలు, మధ్యలోవి 50 వేలు. అరువుకిచ్చిన సరుకు సొమ్ముకు మామూలుగా మూడేళ్లే గడువని, అది దాటితే కోర్టుకెళ్లినా రాదని నాన్నకు చెప్పాడు.

"కోర్టేంట్రా, మన వీధి వాళ్లతో?" నాన్న విసుక్కున్నాడు. "అరువు ఇవ్వకపోతే సూపర్‌మార్కెట్టు వదిలి మన దగ్గరకెందుకొస్తారు?"

నాన్న మాటా నిజమే. కానీ మొండి బాకీతో సొమ్మొక్కటే పోదు. బాకీ పడ్డ మనిషి కొట్టు ముందునుంచి నడవడానికి మొహమాటపడి, చేతిలో నగదు ఉన్నరోజు కూడా పక్కవీధిలో కొంటాడు. అందుకని కుర్రాడు పాత బాకీలవాళ్ల ఇళ్లకు వెళ్లి, "పాతది వీలైనప్పుడు కొంచెం కొంచెంగా ఇవ్వండి, ఈ పూట సరుకు నగదుకు తీసుకోండి" అన్నాడు. సగం మంది తిరిగొచ్చారు. అరువు మాత్రం జీతం తేదీ తెలిసిన ఇళ్లకే, ఇంటికి 3 వేలు దాటకుండా.

ఆర్నెల్లకు సరుకు 3 లక్షలకు దిగింది, వడ్డీ అప్పు తీరింది. అమ్మకం పెద్దగా పెరగలేదు. ఖర్చులు పోను నెలకు 25 వేలు మిగులుతున్నాయి, ఉద్యోగం జీతం కన్నా ఇంకా 20 వేలు తక్కువే. పెద్ద సబ్బుపొడి ప్యాకెట్లలో అతను ఓడిపోయాడు. సూపర్‌మార్కెట్టు అమ్మే ధర అతను కొనే ధర కన్నా తక్కువ. వాటిని తెప్పించడం మానేసి, పది రూపాయల ప్యాకెట్లు పెట్టాడు.