పేటెంటులో రక్షణ ఎక్కడ ఉంటుంది? సారాంశాన్ని, క్లెయిములను చదివి క్లుప్తీకరించడం

జనగామ నుంచి హైదరాబాదు వైపు వెళ్తుంటే ఆలేరు వస్తుంది. ఆలేరుకు దగ్గరలోని శారాజీపేటకు చెందిన చేనేత కార్మికుడు చింతకింది మల్లేశం, ఆసు పోయడానికి తల్లి లక్ష్మి పడుతున్న శ్రమను చూసి, 1999 నాటికి ఒక యంత్రాన్ని తయారు చేశారు. దానికి ఆమె పేరే పెట్టారు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేతిని దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాల్సి వచ్చేది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. లక్ష్మీ ఆసు యంత్రానికి పేటెంటు వచ్చిందన్న సంగతి ఈ ప్రాంతంలో చాలామందికి తెలుసు. కానీ ఆ పేటెంటు దేనికి అని అడిగితే జవాబులు తలో రకంగా ఉంటాయి. ఆసు పోసే పనికా? ఆ పనిని యంత్రంతో చేయించాలన్న ఆలోచనకా? యంత్రంలోని ఏదైనా ప్రత్యేకమైన అమరికకా? మరో రకం ఆసు యంత్రం చేయాలనుకునే జనగామ మెకానిక్కుకు ఈ తేడా తెలియకపోతే పెట్టుబడి మునిగిపోవచ్చు. పేటెంటు పత్రాన్ని చేతిలో పెట్టుకుని ఈ ప్రశ్నకు మీరే జవాబు రాయగలగాలి. ఈ పాఠం అందుకోసమే.

సారాంశం పని వేరు, క్లెయిము పని వేరు

భారత పేటెంట్ల చట్టం, 1970లోని 10వ సెక్షన్ ప్రకారం పూర్తి స్పెసిఫికేషన్‌లో ఆవిష్కరణ వివరణ ఉండాలి. దాన్ని అమలు చేసే ఉత్తమ పద్ధతి ఉండాలి. చివర క్లెయిములు ఉండాలి. వీటితో పాటు ఒక సారాంశాన్నీ జతచేయాలి. నిబంధనల ప్రకారం సారాంశం 150 పదాలు దాటకూడదు. వెతికేవారికి ఈ పత్రం ఏ విషయానికి చెందినదో చెప్పడమే దాని పని. రక్షణ పరిధిని నిర్ణయించేది క్లెయిము మాత్రమే.

పొలం ఉదాహరణతో చూద్దాం. "చెరువు కింది పొలం" అంటే అది ఎటువైపు ఉందో తెలుస్తుంది. ఎంత పొలమో, ఏ గట్టు దాకానో తెలియదు. సారాంశం అలాంటి మాట. క్లెయిము హద్దులు చెబుతుంది. చిక్కేమిటంటే సారాంశం చదవడానికి సులువుగా, ఆకర్షణీయంగా ఉంటుంది. క్లెయిము ఒకే పొడవైన వాక్యంగా, ఊపిరి తిప్పుకోనివ్వకుండా ఉంటుంది. అందుకే చాలామంది సారాంశం చదివి, పేటెంటు చదివేశామనుకుంటారు.

పసుపు కేసులో క్లెయిము ఏమంది?

1995 మార్చిలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి అమెరికాలో 5,401,504 సంఖ్యతో ఒక పేటెంటు వచ్చింది. "అమెరికా పసుపును పేటెంటు చేసుకుంది" అన్న మాట ఇక్కడ బాగా ప్రచారమైంది. అందులో మొదటి క్లెయిమును తెలుగులో ముక్కలుగా విడదీస్తే ఇలా వస్తుంది: ఇది ఒక పద్ధతి, రోగి శరీరంపై ఉన్న గాయం మానడానికి తోడ్పడేది, ఆ రోగికి తగిన మోతాదులో పసుపు పొడిని ఇవ్వడం ఇందులోని పని. తర్వాతి క్లెయిములు ఆ పొడిని నోటి ద్వారా ఇవ్వడం, గాయంపై పూయడం వంటి ప్రత్యేక సందర్భాల గురించి ఉన్నాయి.

ఇప్పుడు చూడండి. మహబూబాబాద్ జిల్లాలో పసుపు పండించే రైతు ఈ క్లెయిములోకి రాడు. కూరలో పసుపు వేసే ఇల్లాలూ రాదు. వారు చేసే పనిలో "గాయం" అనే ముక్క లేదు. వార్త చెప్పినంత విస్తారమైనది కాదు ఆ పేటెంటు. అయితే వేలు తెగితే పసుపు అద్దే మన అలవాటు మాత్రం ఆ వాక్యంలో అచ్చంగా ఇమిడిపోయింది. సరిగ్గా అక్కడే అది దెబ్బతింది. ఈ వాడకం ఎప్పటినుంచో ఉన్నదని పాత గ్రంథాలను, పత్రికా వ్యాసాలను ఆధారంగా చూపి సీఎస్ఐఆర్ సవాలు చేసింది. 1997లో అమెరికా పేటెంటు కార్యాలయం క్లెయిములను రద్దు చేసింది. సవాలు చేసినవారు పసుపు పాతదని నిరూపించి ఊరుకుంటే సరిపోయేది కాదు. క్లెయిములోని పద్ధతి, అంటే గాయానికి పసుపు వాడటం, పాతదని చూపాల్సి వచ్చింది.

క్లెయిమును ముక్కలు చేయడం

ఇప్పుడు ఒక పనిముట్టును తీసుకుందాం. కింది సారాంశం, క్లెయిములు ఏ నిజమైన పేటెంటులోనివీ కావు. అభ్యాసం కోసం కూర్చినవి.

సారాంశం: పత్తి కట్టెలను వేళ్ళతో సహా పీకే చేతి పరికరం. దీనితో రైతు నడుము వంచకుండా, తక్కువ శ్రమతో, తక్కువ కూలి ఖర్చుతో చేను శుభ్రం చేసుకోవచ్చు.

క్లెయిము 1: పత్తి కట్టెలను పీకే చేతి పరికరం, ఇది ఒక పొడవైన పిడిని, పిడి కింది చివర బిగించిన పళ్ళున్న దవడను, దవడ వెనుక నేలకు ఆనే చక్రాన్ని కలిగి ఉంటుంది, చక్రపు ఇరుసు పిడి పొడవునా ఉన్న గాడిలో జరిగి, కావలసిన చోట బోల్టుతో బిగుసుకోవడం దీని విశిష్ట లక్షణం.

క్లెయిము 2: క్లెయిము 1లో చెప్పిన పరికరం; ఇందులో పిడిని రెండు గొట్టాలుగా విడదీయవచ్చు.

మొదటిది స్వతంత్ర క్లెయిము. రెండోది దానిపై ఆధారపడినది. కాబట్టి మొదటిదానిలోని ప్రతి ముక్కా రెండోదానిలోనూ ఉన్నట్లే, దానికి అదనంగా మరొకటి చేరుతుంది. అందుకే క్లుప్తీకరణను ఎప్పుడూ స్వతంత్ర క్లెయిముతో మొదలుపెట్టాలి. మన క్లెయిము 1లో నాలుగు ముక్కలున్నాయి: పిడి, పళ్ళ దవడ, నేలకు ఆనే చక్రం, గాడిలో జరిగి బోల్టుతో బిగిసే ఇరుసు. ఉల్లంఘన జరిగిందనాలంటే సాధారణంగా ఈ నాలుగూ ఎదుటి వస్తువులో ఉండాలి.

ఇంగ్లీషు పత్రంలో రెండు మాటల దగ్గర ఆగి చదవండి. "కంప్రైజింగ్" అని ఉంటే చెప్పిన భాగాలుండాలి, అదనంగా ఇంకేమైనా ఉండవచ్చు. "కన్సిస్టింగ్ ఆఫ్" అని ఉంటే ఆ భాగాలు మాత్రమే. తెలుగులో మొదటిదాన్ని "కలిగి ఉన్న" అని, రెండోదాన్ని "మాత్రమే కలిగిన" అని రాయండి. ఆ "మాత్రమే" జారిపోతే మీ క్లుప్తీకరణ తలకిందులవుతుంది. "క్యారెక్టరైజ్డ్ ఇన్ దట్" అన్న మాట కనబడితే, దాని తర్వాత వచ్చేదే కొత్తదనమని ఆవిష్కర్త చెప్పుకుంటున్నాడని అర్థం. మన ఉదాహరణలో అది జరిగే ఇరుసు.

ఇక పరీక్షిద్దాం. భూపాలపల్లిలో ఒక వెల్డింగు షాపతను ఈ నాలుగు భాగాలతోనే పరికరం చేసి, పిడికి రబ్బరు తొడుగు వేశాడనుకోండి. అతను క్లెయిము లోపలే ఉన్నాడు. తొడుగు అదనం, "కలిగి ఉన్న" అన్న మాట అదనాలను అడ్డుకోదు. మహబూబాబాద్‌లో మరొకతను చక్రాన్ని ఒకేచోట వెల్డింగు చేశాడు. గాడీ లేదు, బోల్టూ లేదు. నాలుగో ముక్క లేదు కాబట్టి అక్షరాలా చూస్తే అతను బయట ఉన్నాడు. నడుము వంచకుండా కట్టెలు పీకే పని మాత్రం అతని పరికరమూ చేస్తుంది. అంటే సారాంశంలోని ప్రతి మాటా దానికి సరిపోతుంది, అయినా ఉల్లంఘన లేదు. ఈ పాఠంలో కీలకమైన చోటు ఇదే, మళ్ళీ ఒకసారి చదవండి. జనగామలో మూడో అతను చక్రానికి బదులు గాడిలో జరిగే ఇనుప పలకను పెట్టాడు. ఇది తేలికగా తేలదు. చిన్న మార్పుతో ఆవిష్కరణ సారాన్ని తీసుకున్నారా అని కోర్టులు చూస్తాయి. ఇలాంటి సందర్భంలో మీ క్లుప్తీకరణలో "సందిగ్ధం, పేటెంట్ ఏజెంటును అడగాలి" అని రాయడమే నిజాయితీ.

ఏ క్లెయిములు చదువుతున్నారు?

దరఖాస్తు సాధారణంగా 18 నెలల తర్వాత ప్రచురితమవుతుంది. అప్పుడు కనిపించేవి ఆవిష్కర్త కోరుకున్న క్లెయిములు. తర్వాత పరీక్షకుడు పాత ఆధారాలు చూపి అభ్యంతరాలు చెబుతాడు. వాటిని దాటడానికి క్లెయిములను కుదిస్తారు. మన ఉదాహరణలో మొదట "పిడి, దవడ, చక్రం" అని మాత్రమే అడిగి, అలాంటిది ముందే ఉందని తేలాక "గాడిలో జరిగే ఇరుసు" చేర్చి ఉండవచ్చు. సారాంశం మాత్రం చాలావరకు పాత ఆశలతోనే ఉండిపోతుంది.

కాబట్టి పేటెంటు కార్యాలయం శోధన సైటు InPASSలో `Application Status` తెరిచి, `View Documents`లో మంజూరుకు ముందు చివరిగా దాఖలైన క్లెయిములను చూడండి. పేటెంటు ఇంకా అమల్లో ఉందో లేదో `E-Register` చెబుతుంది. గడువు దాఖలు తేదీ నుంచి 20 ఏళ్ళు. ఏటా రుసుము కట్టకపోతే అంతకంటే ముందే పోతుంది.

ఇది పేటెంటుదారుకూ అవసరమే. సారాంశాన్ని నమ్ముకుని, కట్టెలు పీకే ప్రతి పరికరమూ తనదేనంటూ చుట్టుపక్కల షాపులకు నోటీసులు పంపిస్తే, చట్టంలోని 106వ సెక్షన్ ఎదురు తిరుగుతుంది. ఆధారం లేని బెదిరింపులను ఆపాలని, నష్టపరిహారం ఇప్పించాలని అవతలివారు కోర్టుకు వెళ్ళవచ్చు. వివరణలో రాసి, క్లెయిములో పెట్టకుండా వదిలేసిన సంగతులూ అతనికి రక్షణ ఇవ్వవు. "మోటారుతోనూ నడపవచ్చు" అని వివరణలో ఒక వాక్యం ఉన్నంత మాత్రాన మోటారు అతని సొత్తు కాదు.

నమూనా క్లుప్తీకరణ

"ఈ పేటెంటు పత్తి కట్టెలు పీకే పరికరాలన్నింటికీ వర్తించదు. పిడి, పళ్ళ దవడ, నేలకు ఆనే చక్రం, గాడిలో జరిపి బోల్టుతో బిగించే ఇరుసు, ఈ నాలుగూ కలిసి ఉన్నదానికే వర్తిస్తుంది. వేరే భాగాలు చేర్చినా తప్పించుకోలేరు. చక్రం ఒకేచోట స్థిరంగా ఉన్న పరికరం దీని అక్షరార్థంలోకి రాదు. చక్రం బదులు పలక వాడితే ఏమవుతుందో క్లెయిమును బట్టి నిశ్చయంగా చెప్పలేం. శ్రమ, కూలి తగ్గుతాయన్న మాటలు సారాంశంలోనివి, రక్షణలో భాగం కావు."

ఇందులో "వర్తించదు" అన్న వాక్యం ముందు వచ్చిందని గమనించండి. చదివే ఆవిష్కర్తకు మొదట కావలసింది అదే. దాని కింద పేటెంటు సంఖ్య, దాఖలు తేదీ, మీరు చదివిన క్లెయిముల తేదీ రాయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై నమూనాలో క్లెయిము 1 రద్దయి, క్లెయిము 2 నిలిచిందనుకోండి. ఒకే గొట్టంతో చేసిన పిడి ఉన్న పరికరం ఇప్పుడు ఉల్లంఘన అవుతుందా? ఏ ముక్క ఆధారంగా చెప్పారో రాయండి.

2. InPASSలో `Inventor Name` దగ్గర మల్లేశం పేరును వేర్వేరు ఇంగ్లీషు స్పెల్లింగులతో ఇచ్చి ఆసు యంత్రపు పత్రాన్ని వెతకండి. సారాంశం తెరవకముందే మొదటి క్లెయిమును ముక్కలు చేసి, ఆరు వాక్యాలలో తెలుగులో రాయండి. తర్వాత సారాంశం చదివి, అందులో ఉండి క్లెయిములో లేని మాటల కింద గీత గీయండి.