ఇరవై ఏళ్ల ఫ్లాటుకు ప్రకటన రాయడం ఎలా?

‘ప్రైమ్ లొకేషన్‌లో లగ్జరీ టూ బీహెచ్‌కే. వంద శాతం వాస్తు. వెల్ మెయింటెయిన్డ్. అన్నీ దగ్గర్లోనే. త్వరపడండి.’

పాత ఫ్లాటు అమ్మేవాళ్లలో చాలామంది ఇంటర్నెట్‌లో పెట్టే ప్రకటన ఇలాగే ఉంటుంది. కూకట్‌పల్లిలోనైనా, విజయవాడ పటమటలోనైనా, విశాఖ సీతమ్మధారలోనైనా ఇవే మాటలు. కొనేవాడు ఇలాంటివి రోజుకు ఎన్నో చూస్తాడు. అతనికి కావలసింది ఇందులో ఒక్కటీ లేదు. భవనం ఏ సంవత్సరం కట్టారు? లిఫ్ట్ పనిచేస్తోందా? ఎండాకాలం నీళ్లకు ట్యాంకర్ పిలుస్తారా? ఈ మూడింటికీ జవాబు లేకపోతే అతను తనకు తోచింది ఊహించుకుంటాడు. ఆ ఊహ ఎప్పుడూ అసలు సంగతి కంటే అధ్వాన్నంగానే ఉంటుంది. వయసు రాయలేదంటే ముప్పై ఏళ్లదే అయి ఉంటుందనుకుంటాడు.

ఒక ఫ్లాటును ఉదాహరణగా తీసుకుని చూద్దాం. ఇది ఊహించిన ఫ్లాటే గానీ, హైదరాబాద్‌లో ఇలాంటివి వేలల్లో ఉంటాయి. కూకట్‌పల్లి వివేకానందనగర్, 2004లో పూర్తయిన అపార్ట్‌మెంట్. స్టిల్ట్ మీద ఐదంతస్తులు, అంతస్తుకు మూడు చొప్పున 15 ఫ్లాట్లు. అమ్మకానికి ఉన్నది మూడో అంతస్తులో 1,150 చదరపు అడుగుల టూ బీహెచ్‌కే.

యజమాని మొదట భయపడేది వయసు గురించే. అందుకే దాన్ని ప్రకటన చివర్లోకి నెట్టేస్తాడు, లేదా ‘సుమారు పదిహేనేళ్లు’ అని రాస్తాడు. ఇది నిలిచే అబద్ధం కాదు. మంజూరైన ప్లాన్ మీద సంవత్సరం ఉంటుంది, మొదటి సేల్ డీడ్‌లో తేదీ ఉంటుంది. బ్యాంకు పంపే వాల్యుయర్ ఇవన్నీ అడిగి చూస్తాడు. లోన్ ఇచ్చే ముందు బ్యాంకు భవనం వయసునూ లోన్ కాలాన్నీ కలిపి లెక్కవేస్తుంది. ఆ పరిమితి ఒక్కో బ్యాంకులో ఒక్కోలా ఉంటుంది. బేరం కుదిరి, అడ్వాన్సు ఇచ్చాక వయసు బయటపడితే ధర తగ్గడమే కాదు, మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. కాబట్టి సంవత్సరాన్ని మొదటి వాక్యంలోనే రాసేయడం మంచిది. ‘అదే బ్లాకులో ఇంతకుముందు అమ్ముడైన ఫ్లాటుకు బ్యాంకు లోన్ వచ్చింది’ అని నిజంగా చెప్పగలిగితే, దాన్నీ అక్కడే చెప్పండి. కొనేవాడి అనుమానాల్లో సగం ఆ ఒక్క వాక్యంతోనే పోతాయి.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. మన ఉదాహరణలోని ఫ్లాటు ప్లాన్ మీద జీహెచ్ఎంసీ ముద్ర ఉండదు. కూకట్‌పల్లి అప్పట్లో విడి మునిసిపాలిటీ. 2007లోనే అది జీహెచ్ఎంసీలో కలిసింది. హుడా స్థానంలో హెచ్ఎండీఏ వచ్చింది 2008లో. ఈ సంగతి తెలియని కుర్రాడు కాగితాలు చూసి ‘జీహెచ్ఎంసీ అప్రూవల్ లేదట’ అని వెనక్కి తగ్గుతాడు. ‘ప్లాన్ 2002లో అప్పటి కూకట్‌పల్లి మునిసిపాలిటీ మంజూరు చేసింది, కాపీ ఉంది’ అని ముందే రాస్తే ఆ గొడవే రాదు.

పాత భవనానికి ఉన్న అసలు బలం చాలా ప్రకటనల్లో కనబడదు. అది నేలలో వాటా, అందరూ యూడీఎస్ అనేది. మన అపార్ట్‌మెంట్ స్థలం 700 గజాలు అనుకుందాం. 15 ఫ్లాట్లకు పంచితే ఒక్కోదానికి 46 గజాలకు పైగా వస్తుంది. ఇప్పుడు కొత్త టవర్ సంగతి చూడండి. ఎకరానికి 4,840 గజాలు. ఎకరంలో 160 ఫ్లాట్లు కడితే ఒక్కో ఫ్లాటుకు వచ్చేది 30 గజాలే. గోడలు పాతబడినా నేల పాతబడదు కాబట్టి, పాత ఫ్లాటు విలువలో పెద్ద భాగం ఆ 46 గజాలదే. దీన్ని ప్రకటన రెండో వాక్యంలోనైనా చెప్పాలి. అయితే ‘రేపో మాపో రీడెవలప్‌మెంట్‌కు పోతుంది’ అని ఆశ పెట్టకండి. దానికి మిగతా పద్నాలుగు ఇళ్లవాళ్లూ ఒప్పుకోవాలి. ఇది అపార్ట్‌మెంట్ మీటింగుకు ఒక్కసారి వెళ్లినవాళ్లకెవరికైనా తెలుసు.

రెండో బలం కార్పెట్ ఏరియా. 1,150 అనేది అమ్మకపు లెక్క. అందులో మెట్లు, కారిడార్, లిఫ్ట్ కూడా కలిసి ఉంటాయి. టేపు పట్టుకుని గదులు కొలవండి. మన ఫ్లాటులో 850 వచ్చిందనుకుంటే, చెప్పిన కొలతలో దాదాపు నాలుగింట మూడొంతులు, అంటే 74 శాతం ఇంట్లోనే ఉన్నట్టు. క్లబ్‌హౌస్, పెద్ద లాబీలు ఉన్న కొత్త కాంప్లెక్సుల్లో ఈ శాతం సాధారణంగా తగ్గుతుంది. రెండు అంకెలూ పక్కపక్కన రాస్తే చాలు, పోల్చుకునే పని కొనేవాడే చూసుకుంటాడు. పైగా రీసేల్ ఫ్లాటుకు జీఎస్టీ లేదు. నిర్మాణంలో ఉన్న మామూలు ఫ్లాటుకు 5 శాతం కట్టాలి. ఇది కూడా ఒక వాక్యానికి తగిన విషయమే.

ఇక మరమ్మతులు. ‘వెల్ మెయింటెయిన్డ్’ అన్న మాట కొట్టేసి, ఏ పని ఏ సంవత్సరంలో చేయించారో రాయండి. ఆ కాలం నాటి భవనాల్లో జబ్బులు దాదాపు ఒకటే. జీఐ పైపులు లోపల తుప్పుపట్టి నీళ్లు సన్నగా వస్తాయి. పై ఇంటి బాత్రూమ్‌లోని సంకెన్ స్లాబు కారి, మన బాత్రూమ్ సీలింగుకు చెమ్మ దిగుతుంది. టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగ్ పోతుంది. లిఫ్ట్ తరచూ ఆగుతుంది. వీటిలో ఏది ఎప్పుడు బాగుచేశారో అసోసియేషన్ లెక్కల పుస్తకంలో దొరుకుతుంది. ‘2018లో పైపులన్నీ సీపీవీసీకి మార్చాం, 2019లో కొత్త లిఫ్ట్, 2022లో టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్’ అన్న వరుసను మించిన విశేషణం లేదు.

బీటల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. ఇటుక గోడ కాలమ్‌ను ఆనుకునే చోట కనిపించే సన్నని నిలువు గీత చాలావరకు ప్లాస్టరింగుదే. రెండు రకాల పదార్థాలు ఎండకు ఒకేలా వ్యాకోచించవు కాబట్టి అక్కడ గీత పడుతుంది. కాలమ్ లేదా బీమ్ పొడవునా బీట సాగి, గోధుమరంగు మరక దిగి, తడితే డొల్ల చప్పుడు వస్తుంటే అది వేరే కథ. లోపలి ఇనుము తుప్పుపడుతోందని అర్థం. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే కాంక్రీటును బయటికి తోస్తుంది. దానిమీద పుట్టీ పెట్టి రంగు వేసి ఫొటో తీస్తే ఆరు నెలలు కనబడకపోవచ్చు. కానీ గదంతా పాత రంగుతో ఉండి ఒక్క కాలమే తళతళలాడుతుంటే, ఏదో దాచారని చూడగానే తెలిసిపోతుంది. స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి చూపించి, రిపోర్టు తీసుకోండి. రిపోర్టు బాగుంటే దాని తేదీ ప్రకటనలో రాయండి. బాగులేకపోతే ముందు బాగుచేయించండి, లేదా దాన్ని ధరలో తగ్గించి, తగ్గించిన సంగతి చెప్పండి.

మెయింటెనెన్స్ అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. నెలకు 2,000 అంటే 15 ఇళ్లకు 30,000. వాచ్‌మన్ జీతం, లిఫ్ట్ ఏఎంసీ, కామన్ కరెంటు, సంపు శుభ్రం చేయడం ఇందులో సరిపోతున్నాయా? కార్పస్ ఫండ్ ఎంత ఉంది? లేకపోతే ‘కార్పస్ లేదు, పెద్ద పనులకు అందరం వేసుకుంటాం’ అని రాసేయండి. దానికి ఎవరూ పారిపోరు. బాకీ ఉన్న సంగతి రిజిస్ట్రేషన్‌కు రెండు రోజుల ముందు తెలిస్తే మాత్రం గొడవే. బకాయి లేదని అసోసియేషన్ నుంచి లెటర్ తెచ్చిపెట్టుకుంటే ఆ ముక్క కూడా రాయొచ్చు.

లొకేషన్ దగ్గర ‘అయిదు నిమిషాలు’ అన్న మాటను నేనైతే నిషేధిస్తాను. ఎవరి అయిదు నిమిషాలు? ఆదివారం పొద్దున స్కూటర్ మీదా, సోమవారం సాయంత్రం కారులోనా? స్వయంగా నడిచి చూసి రాయండి. మియాపూర్ నుంచి మెట్రో మొదలైంది 2017 నవంబర్‌లో. అంటే ఈ ఫ్లాటు కట్టినప్పుడు లేని సౌకర్యం ఇప్పుడుంది. అది నిజమైన బలం, దూరం సరిగ్గా చెప్పినప్పుడే. నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. మంజీరా కనెక్షన్ ఉందా, ఎన్ని రోజులకొకసారి వదులుతారు, బోరు ఎండాకాలం పనిచేస్తుందా, కిందటి మే నెలలో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు అనే ప్రశ్నలకు జవాబులు హైదరాబాద్‌లో వాస్తు కంటే ముందు చూస్తారు. వాస్తు అడిగేవాళ్లకు మెయిన్ డోర్ ఏ దిక్కుకు తెరుచుకుంటుందో చెబితే చాలు, శాతాలు అక్కర్లేదు.

ఇవన్నీ కలిపి ప్రకటన ఇలా తేలుతుంది:

‘కూకట్‌పల్లి వివేకానందనగర్‌లో 2004లో పూర్తయిన అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు టూ బీహెచ్‌కే. మెయిన్ డోర్ తూర్పు. చెప్పే కొలత 1,150, గదులు కొలిస్తే 850 చదరపు అడుగులు. సేల్ డీడ్ ప్రకారం యూడీఎస్ 46 గజాలు. ప్లాన్ 2002లో అప్పటి మునిసిపాలిటీ మంజూరు చేసింది. పైపులు 2018లో, లిఫ్ట్ 2019లో మార్చాం, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ 2022లో అయింది. మంజీరా నీళ్లు, బోరు రెండూ ఉన్నాయి, కిందటి మేలో నాలుగు ట్యాంకర్లు తెప్పించాం. మెయింటెనెన్స్ 2,000, కార్పస్ లేదు, బకాయి లేదు. కూకట్‌పల్లి మెట్రోకు నడిస్తే 15 నిమిషాలు. వీధి ఇరుకు, పొద్దున స్కూలు బస్సుల వేళ కారు తీయడం ఆలస్యమవుతుంది. ఒక కారుకు కవర్డ్ పార్కింగ్. వంటగది పాతదే, మార్చుకోవాల్సి ఉంటుంది, ధర అందుకు తగ్గించే పెట్టాం.’

వంటగది, వీధి గురించి చివర్లో ఎందుకు రాయడమని అడగొచ్చు. అవి ఎలాగూ ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు కళ్లకు కనిపిస్తాయి. ముందే తెలిసి వచ్చినవాడు వాటి మీద బేరమాడడు, తెలియకుండా వచ్చినవాడు వాటితోనే బేరం మొదలుపెడతాడు. ఫోన్లు తక్కువ రావచ్చు. వచ్చేవాళ్లు మాత్రం ఈ ఇంటి కోసమే వస్తారు.

ఫొటోలు కూడా అలాగే ఉండాలి. హాలు ఒకటి చాలు. బాత్రూమ్ సీలింగు, లిఫ్ట్ లోపలి భాగం, పార్కింగ్, టెర్రస్ తీసి పెట్టండి. ఇల్లు ఖాళీగా ఉందనీ, ఫ్లాటు నంబరు ఇదనీ బహిరంగంగా రాయకండి.

ప్రకటన చేయలేని పనులు కూడా ఉన్నాయి. ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ టెర్రస్ మీద ఉన్నా, లింక్ డాక్యుమెంట్లలో ఒకటి తగ్గినా, ఈసీలో తీరిన లోన్ ఇంకా కనిపిస్తున్నా, ఎంత చక్కటి తెలుగు రాసినా లాభం లేదు. కొనేవాడి వకీలు వాటిని మొదటి రోజే పట్టుకుంటాడు. అందుకే రాయడానికి కూర్చునే ముందు సేల్ డీడ్ తీసి యూడీఎస్ ఎన్ని గజాలని రాసి ఉందో చూడండి, తాజా ఈసీ తెప్పించుకోండి.