‘Hello’ తెర దాటకముందే

కొత్త ఐఫోన్ ఆన్ చేయగానే తెర మీద ఒక్కో భాషలో పలకరింపు మారుతూ కనిపిస్తుంది. చాలామంది ఆ తెరను గబగబా దాటేస్తారు. షాపులో కొంటే కౌంటర్ దగ్గరి కుర్రాడే భాష, వైఫై, ఆపిల్ ఐడీ అన్నీ పెట్టేసి, వాడుకోవడానికి సిద్ధం చేసి చేతిలో పెడతాడు. అది మంచి మనసుతో చేసే సాయమే. కానీ పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లోని వాట్సాప్ మాటలు కొత్త ఫోన్‌లోకి రావాలంటే ఆ మొదటి సెటప్‌లోనే రావాలి. సెటప్ పూర్తయ్యాక వాటిని తెచ్చుకోవాలంటే ఐఫోన్‌ను మొత్తం తుడిచేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

నంబర్లకు, ఫొటోలకు ఈ తొందర లేదు. అవి ఇవాళ రాకపోతే వచ్చే నెల తెచ్చుకోవచ్చు, వాటికి రెండు మూడు దారులున్నాయి. వాట్సాప్ సంగతి వేరు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ తన బ్యాకప్‌ను గూగుల్ ఖాతాలో దాచుకుంటుంది, ఐఫోన్‌లో ఐక్లౌడ్‌లో దాచుకుంటుంది. ఒకదాని బ్యాకప్‌ను రెండోది చదవలేదు. “రోజూ రాత్రి రెండింటికి బ్యాకప్ అవుతోంది కదా, కొత్త ఫోన్‌లో నంబరు కొడితే అన్నీ వచ్చేస్తాయి” అనే ధీమా ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి మారేటప్పుడు నిజమే, ఇక్కడ మాత్రం చెల్లదు. 2022 దాకా ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి వాట్సాప్ వాళ్లు ఇచ్చిన దారే లేదు. ఆ ఏడాది జూన్‌లో ఆపిల్ వారి Move to iOS అనే ఉచిత యాప్ ద్వారా దారి ఇచ్చారు. ఆ యాప్ పనిచేసేది ఐఫోన్ మొదటి సెటప్‌లో కాబట్టే ఇంత పట్టింపు.

ఒక ఇంటి సంగతి తీసుకుందాం. తెనాలిలో ఉండే ఒకావిడకు అమెరికా నుంచి సెలవులకు వచ్చిన కొడుకు ఐఫోన్ తెచ్చాడనుకుందాం. ఆవిడ పాత ఫోన్‌లో వాట్సాప్ ఒక్కటే 31 జీబీ ఉంది. పదేళ్ల కుటుంబ గ్రూపు, మనవల వీడియోలు, ఇప్పుడు లేని భర్త పంపిన వాయిస్ మెసేజ్‌లు అందులోనే ఉన్నాయి. కొత్త ఫోన్ 128 జీబీది.

ఇక్కడ మొదటి చిక్కు సిమ్ దగ్గర వస్తుంది. అమెరికాలో అమ్మే ఐఫోన్‌లలో 14 సిరీస్ నుంచి సిమ్ పెట్టే అరే ఉండదు, ఈ-సిమ్ మాత్రమే. అందుకని ఆవిడ తన సిమ్‌ను మొబైల్ కంపెనీ యాప్‌లోనో, దుకాణంలోనో ఈ-సిమ్‌గా మార్పించుకోవాలి. ఆ పని ముందు చేయకూడదు. ఈ-సిమ్ మొదలవగానే పాత సిమ్ ఆగిపోతుంది. సిమ్ మార్చిన తర్వాత 24 గంటల దాకా ఎస్సెమ్మెస్‌లు రాకపోవచ్చు కూడా, మోసాలు అరికట్టడానికి మన దేశంలో పెట్టిన కట్టడి అది. వాట్సాప్ కొత్త ఫోన్‌లో తెరవడానికి ఆరంకెల కోడ్ మామూలుగా ఎస్సెమ్మెస్‌లో వస్తుంది. కాబట్టి సిమ్‌ను పాత ఫోన్‌లోనే ఉంచి, ముందు వాట్సాప్ మార్చుకుని, ఆ కోడ్‌ను పాత ఫోన్‌లో చూసి కొత్త ఫోన్‌లో కొట్టాలి. కొత్త ఫోన్‌లోనూ నంబరు అదే ఉండాలి. ఇక్కడ కొన్న, సిమ్ పట్టే ఐఫోన్‌కైనా ఇదే వరస నయం.

రెండోది చోటు. 128 జీబీ అని పెట్టె మీద ఉన్నా అందులో కొంత ఫోన్ సొంత సాఫ్ట్‌వేరే తీసుకుంటుంది. పాత ఫోన్‌లో మెమరీ కార్డు ఉంటే అందులోవీ లెక్కలోకి వస్తాయి. అందుకని ముందు రోజే వాట్సాప్‌లో Settings, అందులో Storage and data, అందులో Manage storage తెరవాలి. చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి, 5 ఎంబీకి మించినవి అక్కడ విడిగా కనిపిస్తాయి. పండగ శుభాకాంక్షల వీడియోలు, గుడ్‌మార్నింగ్ బొమ్మలు అక్కడే కుప్పగా దొరుకుతాయి. ఆవిడ అవి తీసేస్తే 31 జీబీ కాస్తా 19కి దిగింది అనుకోండి, బదిలీకి పట్టే సమయమూ ఆ మేరకు తగ్గుతుంది. తొందరలో చాట్‌లనే డిలీట్ చేయకుండా పక్కన ఒకరు కూర్చోవడం మంచిది.

ఇక అసలు పని. పాత ఫోన్‌లో వాట్సాప్‌ను అప్‌డేట్ చేసి, ప్లేస్టోర్ నుంచి Move to iOS వేసుకోవాలి. రెండు ఫోన్లనూ ఛార్జర్‌కు పెట్టి, రెండింటినీ ఇంటి వైఫైకి కలపాలి. ఐఫోన్ సెటప్‌లో అడిగినవి చెప్పుకుంటూ వెళ్తే, యాప్‌లూ డేటా ఎక్కడి నుంచి తెచ్చుకుంటారని అడిగే తెర వస్తుంది. అక్కడ From Android ఎంచుకోవాలి. కాస్త పాత సాఫ్ట్‌వేర్‌లో ఇదే Move Data from Android అని ఉంటుంది. ఐఫోన్ ఒక అంకెల కోడ్ చూపిస్తుంది, దాన్ని పాత ఫోన్‌లోని Move to iOS లో కొట్టాలి. అప్పుడు ఐఫోన్ తనే ఒక తాత్కాలిక వైఫైని తయారుచేస్తుంది, పాత ఫోన్ దానికి కలుస్తుంది. డేటా నేరుగా ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి వెళ్తుంది, ఇంటర్నెట్ మీదుగా కాదు.

అన్నిటికన్నా ఎక్కువ బదిలీలు పాడయ్యేది ఈ చోటే. ఆ తాత్కాలిక వైఫైకి ఇంటర్నెట్ ఉండదు. అది చూసి కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు తెలివిగా దాన్ని వదిలేసి మొబైల్ డేటాకు మారిపోతాయి, బదిలీ మధ్యలో తెగిపోతుంది. ఇంటర్నెట్ లేదు, అయినా ఈ వైఫైలోనే ఉండమంటారా అని ఫోన్ అడిగితే ఉండమనాలి. మొబైల్ డేటా ముందే ఆపేయాలి. నెట్‌వర్క్‌ను దానంతటదే మార్చే సెట్టింగ్, బ్యాటరీ పొదుపు సెట్టింగ్ ఉంటే అవీ తీసేయాలి. మధ్యలో ఫోన్ వచ్చినా ఆగిపోవచ్చు కాబట్టి ఎవరూ ఫోన్ చేయని వేళ చూసుకోవాలి. బదిలీ సాగుతున్నంతసేపూ పాత ఫోన్‌లో ఇంకో యాప్ తెరవకూడదు.

ఏమేం పంపాలో ఎంచుకునే తెరలో నంబర్లు, మెసేజ్‌లు, ఫొటోలతో పాటు WhatsApp కూడా ఉంటుంది. దాన్ని నొక్కితే పాత ఫోన్‌లో వాట్సాప్ తెరుచుకుని, START నొక్కగానే చాట్‌లను మూటగట్టడం మొదలుపెడుతుంది. అది పూర్తయ్యాక పాత ఫోన్‌లో వాట్సాప్ లాగవుట్ అవుతుంది. ఇక్కడ చాలామందికి గుండె ఝల్లుమంటుంది. కానీ చాట్‌లు పాత ఫోన్‌లోంచి పోలేదు, మనంతట మనం తీసేసేదాకా అక్కడే ఉంటాయి. తిరిగి Move to iOS కి వచ్చి Continue నొక్కితే అసలు బదిలీ మొదలవుతుంది. ఇంకా ఎంత సమయం పడుతుందో చూపే అంకె పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు. పాత ఫోన్‌లో అయిపోయిందని చూపినా ఐఫోన్‌లోని గీత చివరిదాకా వచ్చేవరకూ రెండింటినీ కదపకూడదు.

తర్వాత ఐఫోన్‌లో ఆప్‌స్టోర్ నుంచి వాట్సాప్ వేసుకుని అదే నంబరు కొట్టాలి. బదిలీ సరిగ్గా జరిగిందనడానికి గుర్తు ఇక్కడే ఉంది. ఆండ్రాయిడ్ నుంచి వచ్చిన చాట్‌లను తెచ్చుకోమంటూ Start అని అడుగుతుంది. అది నొక్కితే చాట్‌లు వస్తాయి. ఆ మాట అడగకుండా ఐక్లౌడ్ బ్యాకప్ గురించి అడిగినా, ఖాళీగా తెరుచుకున్నా డేటా రాలేదన్నమాట. అప్పుడు కొత్త ఫోన్‌లో వాట్సాప్ వాడటం మొదలుపెట్టకూడదు. వాడితే రేపు మళ్లీ బదిలీ చేయడానికి ఐఫోన్‌ను తుడిచినప్పుడు ఈ కొత్త మాటలు పోతాయి. పాత ఫోన్‌లో అదే నంబరుతో తిరిగి లాగిన్ అయితే చాట్‌లు కనిపిస్తాయి. ఐఫోన్‌లో Settings, General, Transfer or Reset iPhone, అక్కడ Erase All Content and Settings నొక్కి మళ్లీ మొదలుపెట్టాలి. షాపులో సెటప్ చేసి ఇచ్చిన ఫోన్‌కూ ఇదే దారి. వాట్సాప్ కాల్స్ జాబితా మాత్రం ఎలాగూ రాదు.

వచ్చిందా లేదా అని చూడటానికి పైనున్న చాట్‌లు చూస్తే సరిపోదు. బాగా పాత చాట్ ఒకటి తెరిచి, అందులో ఫొటో తెరుచుకుంటుందో లేదో, వాయిస్ మెసేజ్ వినిపిస్తుందో లేదో చూడాలి. ఆవిడైతే భర్త గొంతు ఉన్న మెసేజ్‌లనే ముందు వినాలి.

నంబర్ల దగ్గర తెలుసుకోవాల్సింది ఒకటే, అవి ఎక్కడ ఉన్నాయన్నది. ఆండ్రాయిడ్‌లో కొన్ని గూగుల్ ఖాతాలో, కొన్ని ఫోన్‌లో, కొన్ని సిమ్‌లో చేరి ఉంటాయి, పైకి అన్నీ ఒక్క జాబితాలాగే కనిపిస్తాయి. కంప్యూటర్‌లో contacts.google.com తెరిస్తే గూగుల్ దగ్గర నిజంగా ఎన్ని ఉన్నాయో తేలుతుంది. ఫోన్‌లో 640 చూపించి అక్కడ 410 ఉంటే, తక్కిన 230 ఫోన్‌లోనో సిమ్‌లోనో ఉన్నాయన్నమాట. Move to iOS తో నంబర్లు తెచ్చుకుని, మళ్లీ ఐఫోన్‌లో గూగుల్ ఖాతా నంబర్లు కూడా ఆన్ చేస్తే ప్రతి పేరూ రెండుసార్లు కనిపించవచ్చు. ఏదో ఒక దారే పట్టుకోవాలి. గూగుల్ దారిలో వెళ్తే ఫోన్‌లో మిగిలినవాటిని ముందే గూగుల్ ఖాతాలోకి చేర్చుకోవాలి. ఫోన్ ఏదైనా సరే ఆ ఖాతా వెంట వస్తుంది, అందుకే నా మొగ్గు అటే.

ఫొటోల్లోనూ ఇలాంటి మెలికే. Move to iOS తెచ్చేది ఫోన్‌లో ఉన్నవాటినే. గూగుల్ ఫొటోస్‌లో ఎప్పుడో Free up space నొక్కి ఉంటే పాత ఫొటోలు ఫోన్‌లో ఉండవు, గూగుల్ దగ్గరే ఉంటాయి. బదిలీ అయ్యాక 2019 పెళ్లి ఫొటోలు కనిపించలేదని కంగారు పడేవాళ్లలో చాలామంది కథ ఇదే. ఐఫోన్‌లో గూగుల్ ఫొటోస్ యాప్ వేసుకుని అదే ఖాతాతో తెరిస్తే అవి అక్కడే ఉంటాయి.

అన్నీ వచ్చాయని తేలాక ఐఫోన్ వాట్సాప్‌లో Settings, Chats, Chat Backup కి వెళ్లాలి. గూగుల్‌లోని పాత బ్యాకప్ ఇక్కడ పనికిరాదు, కొత్తది చేసేదాకా ఆ చాట్‌లకు రెండో కాపీ లేనట్టే. ఐక్లౌడ్‌లో ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. 19 జీబీ అందులో పట్టదు. నెలకింత కట్టి చోటు పెంచుకోవాలి, లేదా వీడియోలను బ్యాకప్ నుంచి తప్పించి అయినా సరిపోతుందేమో చూడాలి.

ఆ తర్వాతే ఈ-సిమ్. అది మొదలై, ఎస్సెమ్మెస్‌లు రావడం చూశాక బ్యాంకు యాప్‌లు, ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివి కొత్త ఫోన్‌లో మళ్లీ నమోదు చేసుకోవాలి. వాటికి రిజిస్టరైన సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి కాబట్టి వాట్సాప్‌లాగా ముందే కుదరదు. పాత ఫోన్‌ను ఎవరికైనా ఇచ్చే ఆలోచన ఉంటే కనీసం నెల రోజులు ఆగి, ఏ ఫొటో కోసమూ నంబరు కోసమూ దాన్ని తెరవాల్సిన పని పడలేదని చూసుకుని, ముందు అందులోంచి గూగుల్ ఖాతాను తీసేసి ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఖాతా తీయకుండా తుడిస్తే, తీసుకున్నవాళ్లు ఆన్ చేసినప్పుడు అది ఆవిడ గూగుల్ పాస్‌వర్డే అడగవచ్చు.