కొత్త సరుకుకు తొలి ధర ఎక్కడ పెట్టాలి?

1945 అక్టోబరు 29న న్యూయార్క్‌లోని గింబెల్స్ దుకాణం ముందు జనం విరగబడ్డారు. అమ్మకానికి వచ్చింది బాల్‌పాయింట్ పెన్ను. మాటిమాటికీ సిరా పోయక్కర్లేదని, నీళ్లలో కూడా రాస్తుందని ప్రకటనలు. ధర పన్నెండున్నర డాలర్లు. తయారీకి మాత్రం ఒక్కోదానికి డాలరైనా కాలేదు. మిల్టన్ రెనాల్డ్స్ అనే షికాగో వ్యాపారి ఆ ఒక్కరోజే దాదాపు 10,000 పెన్నులు అమ్మాడు.

వట్టి దురాశ అనిపిస్తుంది గానీ ఆయన లెక్క గట్టిది. బాల్‌పెన్ను ఆయన కనిపెట్టింది కాదు. అర్జెంటీనాలో లాస్లో బిరో చేసిన పెన్నును చూశాడు. దానికి అమెరికా హక్కులు కొన్న కంపెనీలు ఇంకా సర్దుకుంటూ ఉండగానే, పేటెంటు తగలని పద్ధతిలో తనది తయారుచేసి ముందుగా సంతలోకి దించాడు. తాను దూరిన సందులోంచి రేపు ఇంకొకరూ దూరతారని ఆయనకు తెలియదా! పోటీ లేకుండా అమ్ముకునే గడువు కొద్ది నెలలే. యుద్ధం అప్పుడే ముగిసింది, క్రిస్మస్ దగ్గరపడుతోంది, జనం దగ్గర డబ్బుంది. అందినంత అప్పుడే రాబట్టాడు. మూడేళ్లు తిరక్కుండానే పోటీ పెన్నులు వెల్లువెత్తి ధర డాలరు లోపుకు పడిపోయింది.

ఇలా ఎక్కువ ధరతో మొదలుపెట్టడాన్ని స్కిమ్మింగ్ అనీ, తక్కువ ధరతో చొచ్చుకుపోవడాన్ని పెనెట్రేషన్ అనీ అంటారు. జోయెల్ డీన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1950లో రాసిన వ్యాసం ఈ చర్చకు మూలం. దేన్ని ఎంచుకోవాలో సరుకు గొప్పతనం చూసి తేల్చలేం. ఎదుటివాడు ఎంత త్వరగా అదే సరుకు తేగలడు, అమ్మకం పెరిగితే నా ఖర్చు ఎంత తగ్గుతుంది అన్న రెండు ప్రశ్నలే చాలావరకు తేలుస్తాయి.

రెండో ప్రశ్నకు కాగితం, పెన్సిలు చాలు. రాగిమాల్ట్ పొడి తయారుచేసే ఒక చిన్న యూనిట్ ఉందనుకుందాం. ప్యాకెట్టుకు ముడిసరుకు, కూలి, డబ్బా, దుకాణదారు వాటా అన్నీ కలిపి 120 రూపాయలు. 300కు అమ్మితే మిగిలేది 180, 180కి అమ్మితే 60. అంటే ధర తగ్గించింది నూటికి నలభై వంతులే అయినా, పాత లాభమే రావాలంటే మూడింతలు అమ్మాలి. నెలకు వెయ్యి ప్యాకెట్లు పోయేచోట మూడు వేలు పోతాయా? పోయినా పిండిమర అంత ఆడగలదా? ఎక్కువ ఆడినందువల్ల ఖర్చు 120 నుంచి 90కి దిగుతుందంటే లెక్క మారుతుంది, అప్పుడు రెండు వేలు చాలు. దిగకపోతే తక్కువ ధర అంటే ఎక్కువ చాకిరీ చేసి అంతే సంపాదించడం. చిన్న వ్యాపారులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడేనని నా అభిప్రాయం.

ఖర్చు నిజంగా దిగేచోట కథ వేరు. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు కాల్స్, డేటా నెలల తరబడి ఉచితం. టవర్లకు, కేబుళ్లకు, స్పెక్ట్రమ్‌కు పెట్టాల్సిన డబ్బు ముందే పెట్టేశారు. ఆ పైన ఇంకో చందాదారు చేరితే పెరిగే ఖర్చు స్వల్పం. ఖాళీ నెట్‌వర్కు నష్టమే తప్ప లాభం తేదు. 2017 ఫిబ్రవరికల్లా పదికోట్ల మంది చేరారు. అయితే ఉచితానికి వచ్చినవాళ్లంతా మన ఖాతాదారులని మురిసిపోకూడదు. పాత సిమ్ ఒక స్లాటులో అలాగే ఉంచి, జియోను రెండో స్లాటులో పెట్టుకున్నవాళ్లు మన ఇళ్లలోనే బోలెడుమంది. డబ్బు కట్టమన్న రోజే అసలు లెక్క తేలేది. అందాకా నష్టం భరించే జేబు ఉండాలి. దగ్గర అంత డబ్బు లేనివాడు ఈ దారి పట్టకపోవడమే మంచిది.

ఎక్కువ ధరకూ ఒక చిక్కుంది. దాన్ని ఎప్పుడు, ఎంత తగ్గిస్తామన్నది తొలి కొనుగోలుదారులు కనిపెట్టి చూస్తారు. 2007 జూన్ చివర్లో 8 జీబీ ఐఫోన్ 599 డాలర్లు. సెప్టెంబరు మొదట్లో ఒక్కసారిగా 399 చేశారు. క్యూలో నిలబడి కొన్నవాళ్లు భగ్గుమన్నారు. స్టీవ్ జాబ్స్ క్షమాపణ చెప్పి, వాళ్లకు యాపిల్ దుకాణాల్లో వాడుకునేలా 100 డాలర్ల క్రెడిట్ ఇవ్వాల్సి వచ్చింది. ఏడాది తర్వాత కొత్త మోడల్ పక్కన పాతదాని ధర తగ్గించి ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదు.

తగ్గించడంకన్నా పెంచడం మరీ కష్టం. మన దగ్గర ప్యాకెట్టు మీద ముద్రించిన ఎమ్మార్పీకి మించి ఒక్క రూపాయి తీసుకున్నా చట్టవిరుద్ధం. 180 అని ముద్రించి దుకాణాలకు పంపిన రాగిమాల్ట్‌ను అదే ధరకు అమ్ముకోవాల్సిందే. అందుకే తక్కువతో మొదలుపెట్టదలిస్తే అసలు ధర 300 ముద్రించి, పరిచయ తగ్గింపు ఎంతో, ఏ తేదీ వరకో పక్కనే వేరుగా వేయించాలి. గడువు ముగిశాక 300 అడిగితే, ధర పెంచారని ఎవరూ అనరు.