ఆర్.డి. లెక్క మనమే వేసుకుందాం

పోయిన నెల గూళ్ళు అమ్ముకొని వస్తూ మన గుంపులో ఇద్దరు ముగ్గురు అడిగారు: "బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్.డి.కి చివర్లో ఎంత వస్తుందో ముందే తెలిసేదెట్లా?" అని. ఆ లెక్కలో మేమే ఒకసారి దెబ్బ తిన్నాం. అందుకే ఈసారి చాకీ, ఆకు సంగతులు పక్కన పెట్టి ఇది రాస్తున్నాం.

రెండేళ్ళ కింద జూన్ 5న మేము నెలకు 2,000 రూపాయల ఆర్.డి. మొదలు పెట్టాం. ఏడాది గడువు, వడ్డీ ఏడాదికి 6 శాతం. మేము వేసుకున్న లెక్క ఇది: పన్నెండు కంతులకు 24,000. దానిమీద 6 శాతం అంటే 1,440. మొత్తం 25,440 వస్తుంది. ఆ డబ్బును నమ్ముకొని కొత్త చంద్రికలకు మాట ఇచ్చేశాం. గడువు తీరినాక చేతికి వచ్చింది 24,791. దాదాపు 650 రూపాయలు తక్కువ. బ్యాంకులో గట్టిగా అడిగితే, అక్కడి అమ్మాయి కాగితం తీసి లెక్క వేసి చూపించింది. తప్పు వాళ్ళది కాదు, మాదే.

*తప్పు ఎక్కడ జరిగింది?*

24,000 మొత్తం ఏడాదంతా బ్యాంకులో లేదు. జూన్‌లో కట్టిన కంతు పన్నెండు నెలలు ఉంది. జూలైది పదకొండు నెలలే. చివరగా మే నెలలో కట్టినది ఒక్క నెలే ఉంది. ముందు చాకీ కట్టిన పురుగు, వెనక కట్టిన పురుగు ఒకే ఆకు తిన్నాయని లెక్క రాస్తే ఎట్లా ఉంటుందో, మేము వేసిన లెక్కా అట్లాగే ఉంది.

*మన ఊరి భాషలో వడ్డీ*

ఏడాదికి 6 శాతం అంటే నెలకు నూటికి అర్ధ రూపాయి వడ్డీ. 2,000కి నెలకు 10 రూపాయలు. ఇది పట్టుకుంటే మిగతా అంతా కూడికలే.

బ్యాంకు వడ్డీని మూడు నెలలకు ఒకసారి అసలులో కలుపుతుంది. కలిపినాక ఆ వడ్డీకి కూడా వడ్డీ నడుస్తుంది. కాబట్టి ఏడాదిని నాలుగు విడతలుగా విడగొట్టి చూద్దాం. ఒక్కో విడతలో రెండే పనులు. ఒకటి, పాత నిల్వకు మూడు నెలల వడ్డీ, అంటే నూటికి రూపాయిన్నర. రెండు, ఆ విడతలో కొత్తగా కట్టిన మూడు కంతులు, వాటి వడ్డీ.

కొత్త కంతుల వడ్డీ ప్రతి విడతలోనూ ఒక్కటే. మొదటి కంతు మూడు నెలలు ఉంటుంది, 30 రూపాయలు. రెండోది రెండు నెలలు, 20. మూడోది ఒక నెల, 10. మొత్తం 60. కట్టిన 6,000తో కలిపితే 6,060. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, నాలుగుసార్లు వస్తుంది.

*మొదటి విడత (జూన్, జూలై, ఆగస్టు కంతులు):* పాత నిల్వ ఏమీ లేదు. నిల్వ 6,060.

*రెండో విడత:* పాత 6,060కి నూటికి రూపాయిన్నర లెక్కన 90.90. దానికి కొత్త 6,060 చేర్చాలి. 6,060 + 90.90 + 6,060 = 12,210.90.

*మూడో విడత:* 12,210.90కి వడ్డీ 183.16. 12,210.90 + 183.16 + 6,060 = 18,454.06.

*నాలుగో విడత:* 18,454.06కి వడ్డీ 276.81. 18,454.06 + 276.81 + 6,060 = 24,790.87.

పైసలు సర్దితే 24,791. మా చేతికి వచ్చింది సరిగ్గా ఇదే.

కొన్ని బ్యాంకులు ఒక్కో కంతుకూ నెలల లెక్కన చక్రవడ్డీ కట్టే సూత్రం వాడతాయి. దాని ప్రకారం ఇదే ఆర్.డి.కి 24,790.47 వస్తుంది. తేడా 40 పైసలే. మీ లెక్కకూ రసీదు మీద అచ్చు వేసిన మొత్తానికీ ఒకటి రెండు రూపాయల తేడా ఉంటే కంగారు పడొద్దు. వందల్లో తేడా ఉంటే మాత్రం వడ్డీ రేటు, గడువు మళ్ళీ చూసి అడగండి.

*చక్రవడ్డీతో నిజంగా ఎంత వచ్చింది?*

ఇది తెలిసినప్పుడు మేమే ఆశ్చర్యపోయాం. వడ్డీకి వడ్డీ లేకుండా చూస్తే, కంతులు ఉన్న నెలలన్నీ కలిపి 12 + 11 + 10 అనుకుంటూ 1 దాకా కూడితే 78. నెలకు 10 రూపాయల లెక్కన 780. మాకు వచ్చిన వడ్డీ 790.87. అంటే ఏడాదిలో చక్రవడ్డీ ఇచ్చింది 10 రూపాయల 87 పైసలే. మూడు నెలలకోసారి వడ్డీ కలుపుతారని విని చాలా వస్తుందనుకుంటే, ఏడాది ఆర్.డి.లో రాదు.

గడువు పెరిగితే అది పెరుగుతుంది. పోస్టాఫీసు ఆర్.డి. ఐదేళ్ళది. 2023 అక్టోబర్ 1 నుంచి దాని వడ్డీ 6.7 శాతం అయింది. ఆ రేటున నెలకు 1,000 కడితే అరవై కంతులకు కట్టేది 60,000, చేతికి వచ్చేది సుమారు 71,366. ఇందులో వడ్డీకి వచ్చిన వడ్డీయే సుమారు 1,150 ఉంటుంది.

*మన పనిలో జాగ్రత్త*

మనకు జీతం లేదు. పంట తీసి గూళ్ళు అమ్మితేనే డబ్బు. ఒక పంట పోతే రెండు నెలలు చేయి ఖాళీ. రసీదు మీద ఉన్న మొత్తం అన్ని కంతులూ తేదీకి కడితేనే వస్తుంది. మా లెక్కలో ఒక కంతు ఒక నెల ఆలస్యమైతే వడ్డీలో పోయేది పది రూపాయలే, కానీ పైన జరిమానా పడుతుంది. పోస్టాఫీసులో నూటికి నెలకు ఒక రూపాయి, అంటే 2,000 కంతుకు 20 రూపాయలు. వరుసగా నాలుగు కంతులు తప్పితే ఖాతా నిలిచిపోతుంది. ఆ తర్వాత రెండు నెలల లోపలే తిరిగి నడిపించుకోవచ్చు.

మంచి ధర పడిన పంటప్పుడు ఇంకో దారి ఉంది. పోస్టాఫీసులో ఆరు కంతులు ఒకేసారి ముందుగా కడితే నూటికి పది రూపాయలు తగ్గిస్తారు. పన్నెండు కంతులైతే నూటికి నలభై. నెలకు 1,000 కట్టేవాళ్ళకు ఆరు కంతుల మీద 100 రూపాయలు మిగులుతాయి, ఆరు నెలలు తేదీ తప్పుతుందన్న భయమూ ఉండదు.

మీ ఆర్.డి.కి లెక్క వేయాలంటే మీ కంతును వడ్డీ శాతంతో గుణించి 1,200తో భాగించండి. అది ఒక నెల వడ్డీ. దానికి ఆరు రెట్లు కొత్త కంతుల వడ్డీ. పాత నిల్వకు మాత్రం వడ్డీ శాతంలో నాలుగో వంతు. ఈ రెండూ పెట్టుకొని విడత తర్వాత విడత కూడుకుంటూ పోండి. ఆ అంకె చూసుకున్నాకే చంద్రికలకో, షెడ్డు రేకులకో మాట ఇవ్వండి.