కరెంటు పోయినా నెట్ ఎందుకు ఆగదు?

ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే వరంగల్‌లో కరెంటు పోవడం మామూలే. ఇంట్లో వైఫై కూడా ఆగిపోతుంది. కానీ ఫైబర్ తీగలో ప్రయాణించేది కరెంటు కాదు, వెలుగు. ఆ వెలుగును పంపే కేంద్రంలో సాధారణంగా పెద్ద బ్యాటరీలు ఉంటాయి. అంటే ఆగింది మన ఇంట్లోని ఫైబర్ డబ్బా, రౌటర్ మాత్రమే!

వాటికి చిన్న బ్యాటరీ డబ్బా, అంటే మినీ యూపీఎస్ చాలు. ముందు అడాప్టర్ మీద చూడండి: 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉందనుకుందాం. యూపీఎస్‌ది కూడా సరిగ్గా 12 వోల్టులే ఉండాలి. ఎక్కువైతే రౌటర్ కాలిపోవచ్చు. ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు. ఫైబర్ డబ్బా, రౌటర్ వేరువేరుగా ఉంటే రెండింటినీ యూపీఎస్‌కే కలపాలి. చాలామంది ఒకటి మరిచిపోతారు.

ఎంతసేపు వస్తుంది? లోపల 3.7 వోల్టుల సెల్స్ మూడు, ఒక్కోటి 2 ఆంపియర్ అవర్లు అనుకోండి. 3.7×2×3 = 22.2, అంటే సుమారు 22 వాట్ అవర్లు. కొంత వేడిగా పోగా 18 మిగులుతాయి. రెండు డబ్బాలూ కలిపి 9 వాట్లు వాడితే రెండు గంటలు.

బ్యాటరీ పెట్టినా ఫైబర్ డబ్బా మీద ‘LOS’ ఎర్రగా వెలుగుతోందా? అప్పుడు వెలుగే రావడం లేదు. తప్పు సాధారణంగా బయటే ఉంటుంది, ఆపరేటర్‌కు ఫోన్ చేయండి.