బస్సు ఒకటే, లెక్కలో రెండు

ఫాంటమ్ 4 ప్రో డ్రోన్ వంద మీటర్ల ఎత్తు నుంచి కిందున్న రోడ్డును ఫొటో తీసిందనుకుందాం. ఆ ఫొటో అడ్డంగా 5,472, నిలువుగా 3,648 పిక్సెళ్లు ఉంటుంది. నేల మీద దాదాపు 150 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు అందులో పడుతుంది. అంటే ఒక్కో పిక్సెల్‌కు సుమారు 2.7 సెంటీమీటర్లు. పైనుంచి అర మీటరు వెడల్పు కనిపించే మనిషి ఫొటోలో 18 పిక్సెళ్లు ఉంటాడు. జూమ్ చేస్తే మన కంటికి దొరికిపోతాడు.

కంప్యూటర్‌కు మాత్రం దొరకడు. వస్తువులను గుర్తించే యోలో వంటి మోడళ్లకు ఫొటోను మామూలుగా 640 పిక్సెళ్లకు కుదించి ఇస్తారు. అంటే ఎనిమిదిన్నర రెట్లు తగ్గించడమే. 18 పిక్సెళ్ల మనిషి అప్పుడు రెండు పిక్సెళ్ల మచ్చగా మిగులుతాడు. మోడల్ ఎంత మంచిదైనా, తన దాకా రాని మనిషిని పట్టుకోలేదు.

అందుకే ఫొటోను కుదించకుండా 640 × 640 ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ విడిగా మోడల్‌కు చూపిస్తారు. ‘సాహి’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది. కోత గీత మీద నిలబడ్డ మనిషి రెండుగా తెగిపోకుండా పక్కపక్క ముక్కలను కాస్త ఒకదానిపై ఒకటి పడేలా కోస్తారు. ఇరవై శాతం, అంటే 128 పిక్సెళ్ల మేర అలా పడితే మన ఫొటోకు అడ్డంగా 11, నిలువుగా 7, మొత్తం 77 ముక్కలు వస్తాయి. మనిషి 18 పిక్సెళ్లే కాబట్టి ఏదో ఒక ముక్కలో నిండుగా కనిపించి తీరతాడు.

ఆ తర్వాత ఒక్కో ముక్కలో దొరికిన పెట్టెలను, ఆ ముక్క మొదలైన చోటును కలిపి, అసలు ఫొటోలోని స్థానానికి చేరుస్తారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒక ముక్కలో నిండుగా కనిపించిన మనిషి, పక్క ముక్క అంచున 7 పిక్సెళ్ల మేర మళ్లీ కనిపిస్తాడు. మనిషి ఒక్కడే, పెట్టెలు రెండు.

రెండూ ఒకరివేనని తేల్చడానికి, పెట్టెలు కలిసిన భాగాన్ని రెండూ కలిపి ఆక్రమించిన మొత్తంతో భాగించడం పాత పద్ధతి. ఇక్కడ 7ను 18తో భాగిస్తే 0.39. సగం దాటితేనే ఒకటిగా చూడాలన్న నియమం పెట్టుకుంటే ఇద్దరు మనుషులు లెక్కకొస్తారు. అందుకే ముక్కల పద్ధతిలో కలిసిన భాగాన్ని చిన్న పెట్టెతో భాగిస్తారు. 7ను 7తో భాగిస్తే 1. చిన్నది పెద్దదానిలోనే ఉందని తేలిపోతుంది.

ఇప్పుడు బస్సు సంగతి చూద్దాం. పన్నెండు మీటర్ల బస్సు ఈ ఫొటోలో దాదాపు 440 పిక్సెళ్లు. అది రెండు ముక్కల మధ్య సరిగ్గా పడితే ఏ ముక్కలోనూ నిండుగా కనిపించదు. ఎడమ ముక్కలో 284, కుడి ముక్కలో 284 పిక్సెళ్లు, ఉమ్మడిగా 128 పిక్సెళ్లు. చిన్న పెట్టెతో భాగించినా 0.45 దగ్గరే ఆగిపోతుంది. లెక్కలో రెండు బస్సులు తేలతాయి.

దీనికి విరుగుడు, ముక్కలతో పాటు మొత్తం ఫొటోను కూడా ఒకసారి కుదించి చూపించడం. అందులో బస్సుకు 51 పిక్సెళ్లు దక్కుతాయి, గుర్తించడానికి అవి చాలు. అప్పుడొచ్చిన నిండు పెట్టెలో రెండు సగాలూ పూర్తిగా ఇమిడిపోతాయి. అయితే సగం బస్సు మీదే మోడల్‌కు నమ్మకం ఎక్కువగా ఉండొచ్చు. నమ్మకం ఎక్కువున్న పెట్టెను ఉంచి మిగతావి కొట్టేస్తే నిండు బస్సు పోయి సగం బస్సు మిగులుతుంది. కాబట్టి కొట్టేయకుండా, అన్నిటినీ చుట్టే ఒక పెద్ద పెట్టెగా కలపడం మేలు.

ఆ కలపడం వల్ల వేరే ఇబ్బంది ఉంది. ఏటవాలుగా, ఆనుకుని ఆపిన కార్ల చుట్టూ నిటారు పెట్టెలు గీస్తే అవి ఒకదానిలోకొకటి చొచ్చుకుపోతాయి. చొచ్చుకున్న భాగం సగం దాటితే రెండు కార్లు ఒకటిగా కలిసిపోతాయి. కిక్కిరిసిన పార్కింగ్‌లో ఆ హద్దును పెంచాలి, పెంచితే తెగిన ముక్కలు విడిగా మిగిలిపోయే ప్రమాదం పెరుగుతుంది. అన్ని ఫొటోలకూ సరిపోయే అంకె అంటూ లేదు.

పని సరిగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. కోత గీతలను సగం ముక్క పక్కకు జరిపి అదే ఫొటోను మళ్లీ నడపాలి. రోడ్డు మీద వాహనాలు మారలేదు కాబట్టి లెక్క కూడా పెద్దగా మారకూడదు. మారిందంటే, తప్పులు గీతల దగ్గరే పోగుపడ్డాయేమో చూడాలి. గీతల దగ్గరే ఉంటే కలిపే పద్ధతిని సరిచేయాలి. ఫొటో అంతటా ఉంటే లోపం మోడల్‌లోనో, డ్రోన్ ఎగిరిన ఎత్తులోనో ఉంది. అప్పుడు ఎంత చిన్న ముక్కలు కోసినా, కెమెరా పట్టుకోని వివరం కొత్తగా పుట్టుకురాదు.